అక్షరాల బోర్డు చదివితే రెటీనా చూసినట్టు కాదు

"సూపు బాగానే ఉండాది సార్. బస్సు బోర్డు ఆ మూల నుంచే చదువుతా. మళ్లా కండ్ల డాక్టరు దగ్గరికి ఎందుకు?"

కర్నూలు, అనంతపురం, కడప, ఈ మూడు జిల్లాల్లో ఎక్కడైనా షుగరు ఉన్న మనిషిని కంటి పరీక్ష చేయించుకోమంటే వచ్చే జవాబు దాదాపు ఇదే. అందులో అబద్ధం లేదు. బస్సు బోర్డు ఆయనకు నిజంగానే కనపడుతుంది. కానీ బోర్డు కనపడింది కాబట్టి కన్ను బాగుంది అనుకోవడం దగ్గరే మోసం ఉంది. షుగరు వల్ల రెటీనా చెడిపోయే జబ్బులో చూపు తగ్గడం మొదటి గుర్తు కాదు, చాలామందిలో అది చివరి గుర్తు. చూపు మసకబారాక పరీక్షకు వెళ్లేవాళ్లు ఆ జబ్బు నడిచే దారిలో ముప్పాతిక వంతు అయ్యాక వెళుతున్నారు. అందుకే షుగరు ఉన్నవాళ్ల కంటి పరీక్ష తేదీని కన్ను చెప్పే కబురును బట్టి కాదు, క్యాలెండరును బట్టి పెట్టుకోవాలి అన్నది నా వాదన. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

ముందుగా ఒక తికమక తీరాలి. మన దగ్గర 'కంటి పరీక్ష' అనే ఒకే మాటతో రెండు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. గోడ మీద అక్షరాలు చదివించి, ముక్కు మీద ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి 'ఇది బాగుందా, అది బాగుందా' అని అడగడం ఒకటి. కళ్లద్దాల షాపులో జరిగేది ఇదే, ఊళ్లో పెట్టే కంటి క్యాంపుల్లో ఎక్కువగా జరిగేదీ ఇదే, దానితో పాటు శుక్లం ఉందో లేదో టార్చి వేసి చూస్తారు. రెండోది కంట్లో చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక, లోపలి గోడకు అతుక్కుని ఉన్న రెటీనాను నేరుగా చూడటం లేదా ఫోటో తీయడం. మొదటి పరీక్షకు వెళ్లొచ్చి 'కండ్లు చూపించుకున్నా' అని షుగరు డాక్టరుకు చెబితే, ఆయన కూడా రెండోదే అయిందనుకుని తల ఊపేస్తాడు. ఇద్దరూ నిజమే మాట్లాడుకున్నారు, రెటీనాను మాత్రం ఎవరూ చూడలేదు.

అక్షరాల బోర్డు ఎంత చిన్న చోటును పరీక్షిస్తుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. కంటి లోపల రెటీనా ఒక పల్చటి పొర, ఈ అంచు నుంచి ఆ అంచుకు 30 మిల్లీమీటర్లకు పైనే ఉంటుంది. అందులో సన్నటి అక్షరాలు చదవగలిగేది నట్టనడుమ ఉన్న మాక్యులా అనే భాగం. మళ్లీ ఆ మాక్యులా మధ్యలో 1.5 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గుంట ఉంది, అసలు పదును అక్కడిది. ఆ గుంట బాగున్నంత కాలం మనిషి ఆఖరి వరస దాకా చదివేస్తాడు. చుట్టూ రక్తనాళాలు ఊరినా, మూసుకుపోయినా, కొత్తవి పిచ్చిగా మొలిచినా బోర్డుకు ఆ సంగతి తెలియదు. 6/6 అనే పూర్తి చూపుతో, ఏ క్షణంలోనైనా చిట్లడానికి సిద్ధంగా ఉన్న రక్తనాళాలతో మనిషి క్లినిక్కులో కూర్చుని ఉండవచ్చు. అది అరుదైన వింత ఏమీ కాదు.

ఇప్పుడు ఆ రక్తనాళాలకు ఏమవుతుందో చూద్దాం. అనంతపురం వైపు చీనీ తోటల్లో డ్రిప్పు పైపులు చూసినవాళ్లకు ఇది త్వరగా అర్థమవుతుంది. రెటీనాలోని సన్న రక్తనాళాలు తలవెంట్రుక మందంలో పదోవంతు ఉంటాయి, ఎర్ర రక్తకణం ఒక్కటొక్కటిగా వంగి దూరి పోవాల్సిందే. ఆ నాళం గోడకు బయటి నుంచి పట్టుకున్న కణాలు ఉంటాయి, వాటిని పెరిసైట్లు అంటారు. పైపు ఉబ్బకుండా పట్టీ వేసినట్టు అవి పట్టి ఉంచుతాయి. శరీరంలో మరే చోటా లేనంత దట్టంగా అవి రెటీనాలోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ముందు చచ్చిపోయేవి ఇవే. పట్టీ ఊడిన చోట నాళం చిన్న బుడగలాగా ఉబ్బుతుంది. ఫోటోలో అది సూదిమొనతో పొడిచినంత ఎర్ర చుక్కగా కనపడుతుంది. షుగరు రెటీనాలో కంటికి కనపడే మొట్టమొదటి గుర్తు ఆ చుక్కే. ఆ దశలో మనిషికి ఏ బాధా ఉండదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, దురద లేదు. రెటీనాలో నొప్పి తెలిపే నరాలే లేవు.

తర్వాత ఆ బుడగలు కారడం మొదలవుతుంది. లీకైన పైపు దగ్గర నీళ్లు ఇంకిపోయి ఉప్పు తెల్లగా పేరుకున్నట్టు, రక్తంలోని కొవ్వు బయటికొచ్చి పసుపు మచ్చలుగా గడ్డకడుతుంది, నెయ్యి పూసలు చల్లినట్టు. ఆ కారే నీరు మాక్యులాకు చేరితే అక్కడ వాపు వస్తుంది. చూపు మసకబారే దారుల్లో ఇది ఒకటి. ఇంకో దారి ఇంతకంటే నిశ్శబ్దమైనది. నాళాలు కొన్ని చోట్ల పూర్తిగా మూసుకుపోతాయి. డ్రిప్పు రంధ్రం మూసుకుంటే ఆ చెట్టు వాడినట్టు, ఆ చోట రెటీనాకు ప్రాణవాయువు అందదు. నరాల పోగులు ఉబ్బి తెల్లటి మచ్చలు పడతాయి, వాటిని డాక్టర్లు పత్తి మచ్చలు అంటారు. చూస్తే నిజంగానే దూది పింజల్లాగే ఉంటాయి. పెద్ద సిరలు పూసలు గుచ్చిన దండలాగా అక్కడక్కడా ఉబ్బి, అక్కడక్కడా నొక్కుకుపోతాయి.

ఇక్కడిదాకా పైపుల పోలిక పని చేస్తుంది. ఇకపై చేయదు, ఎందుకంటే ఎండిన మట్టి పైపుకు కబురు పంపదు, దాహమేసిన రెటీనా పంపుతుంది. వీఈజీఎఫ్ అనే ప్రోటీను రూపంలో 'కొత్త నాళాలు కావాలి' అని పంపుతుంది. నాళాలు మొలుస్తాయి కూడా, కానీ పనికొచ్చేవి కావు. పొరలో ఉండాల్సినవి పైకి పాకి, కంటి లోపల తాటి ముంజలాంటి జెల్లీ ఉంటుందే, దాన్ని పట్టుకుని ఎగబాకుతాయి. వాటి గోడలు బలహీనం. వయసుతో పాటు జెల్లీ కుంచించుకుని వెనక్కి లాగిన రోజున అవి తెగుతాయి. కంటి నిండా రక్తం. ఆ క్షణం దాకా ఆయన బస్సు బోర్డు చదివే ఉంటాడు.

మరి 'షుగరు పెరిగితే కండ్లు మసకబారతాయి' అని అందరూ అంటారు కదా, అది ఏమిటి? అది నిజమే, కానీ అది రెటీనా కథ కాదు. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కంటి ముందుభాగంలోని కటకంలో నీటి శాతం మారి, అది కాస్త ఉబ్బి, అద్దాల పవరు మారిపోతుంది. షుగరు తగ్గించాక కొన్ని వారాల్లో పవరు మళ్లీ పాత చోటికి వస్తుంది. ఇందులో రెండు నష్టాలున్నాయి. షుగరు అదుపులో లేనప్పుడు కొత్త కళ్లద్దాలు చేయించుకున్నవాళ్లకు నెల తిరిగేసరికి అవి పనికిరావు, డబ్బు వృథా. అంతకంటే పెద్ద నష్టం, మసక వచ్చి పోయింది కాబట్టి 'కంటికి వచ్చింది, తగ్గిపోయింది' అన్న ధీమా. కటకం తన గొడవ తాను చెప్పుకుంది. రెటీనా ఇంకా నోరు తెరవలేదు. ఈ ఒక్క అపోహ వల్లే ఎంతోమంది పరీక్ష వాయిదా వేస్తున్నారని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. మనం రెండు కళ్లతో కలిపి చూస్తాం. ఒక కంట్లో మాక్యులా వాచి గీతలు వంకరగా కనపడుతున్నా, రెండో కన్ను ఆ లోటు కప్పేస్తుంది. ఏదో ఒక రోజు స్నానం చేసేటప్పుడు ఒక కంట్లో సబ్బు పడి మూసుకుంటేనో, తువ్వాలు అడ్డొస్తేనో రెండో కంటి సంగతి బయటపడుతుంది. అందుకే 'నిన్ననే పోయింది సార్' అనే చూపు చాలాసార్లు నిన్న పోయింది కాదు.

ఒక ఉదాహరణ తీసుకుని పూర్తిగా నడిపిద్దాం. మనిషి కల్పితమే, కానీ ఇందులో ప్రతి అంకె కంటి విభాగాల్లో మామూలుగా కనపడేదే. ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే 50 ఏళ్ల మనిషి. 42వ ఏట హెర్నియా ఆపరేషనుకు ముందు రక్తం పరీక్ష చేస్తే షుగరు బయటపడింది. రోజూ మాత్ర వేసుకుంటాడు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2, బీపీ 150/90. కళ్లద్దాలతో రెండు కళ్లకూ 6/6. ఏ ఫిర్యాదూ లేదు. తమ్ముడి పోరు పడలేక ఎనిమిదేళ్లకు మొదటిసారి చుక్కల మందు వేయించుకుని రెటీనా ఫోటోలు తీయించుకున్నాడు.

కుడి కంట్లో ఎర్ర చుక్కలు కొన్ని, మాక్యులాకు చెవి వైపున పసుపు మచ్చలు ఒక వలయంలాగా. వలయం అంటే దాని నడుమ కారుతున్న బుడగలు ఉన్నాయని అర్థం. రెటీనా పొర మందం కొలిచే ఓసీటీ స్కానులో నట్టనడుమ గుంట మందం మామూలుగానే ఉంది. అంటే వాపు పక్కదాకా వచ్చి ఆగింది, నడిమధ్యకు చేరలేదు. 6/6 చదవడానికి కారణం అదే, ఆ కాస్త దూరమే.

ఎడమ కన్ను ఇంకా విషమంగా ఉంది, చూపు అంతే బాగుంది. రెటీనాను నాలుగు పావులుగా విడగొట్టి లెక్కపెడతారు. ఆయనకు అక్కడక్కడా రక్తపు మచ్చలున్నాయి, రెండు పావుల్లో సిరలు పూసల దండలయ్యాయి. నాలుగు పావుల్లో విస్తారంగా రక్తపు మచ్చలు, రెండు పావుల్లో పూసల సిరలు, ఒక పావులో పొర లోపలే వంకరటింకర నాళాలు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా దాన్ని తీవ్ర దశ అంటారు. డాక్టర్ల భాషలో 4-2-1 సూత్రం. ఈ లెక్క అమెరికాలో 1980లలో జరిగిన పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. ఆ అధ్యయనంలో ఈ దశకు చేరిన కళ్లలో సుమారు సగం ఏడాది లోపే కొత్త నాళాలు మొలిచే దశకు వెళ్లాయి. అంటే ఆదోని వ్యాపారి ఎడమ కంటికి వచ్చే 12 నెలలు బొమ్మా బొరుసూ. బోర్డు మాత్రం 6/6 అంటోంది.

ఆయనకు ఏం చేస్తారు? కుడి కంటికి మూడు నెలలకోసారి స్కాను, నడిమధ్యకు వాపు చేరి చూపు తగ్గితే కంట్లోకి ఇంజెక్షన్లు. ఎడమ కంటికి మూడు నాలుగు నెలలకోసారి తప్పకుండా చూడాలి, రాలేని మనిషైతే ఇప్పుడే లేజరు మొదలుపెట్టడం గురించి డాక్టరు ఆలోచిస్తారు. బీపీ, షుగరు రెండింటినీ దారికి తేవడం ఫిజీషియను పని. మూత్రంలో ప్రోటీను పోతోందో లేదో కూడా చూస్తారు, ఎందుకంటే కిడ్నీలో ఉన్నవీ ఇలాంటి సన్న నాళాలే. ఇదంతా జరిగేది ఏ బాధా లేని మనిషికి. అదే మనిషి పరీక్షకు రాకుండా ఇంకో రెండేళ్లు గడిపి, ఒక పొద్దున కంటి ముందు నల్లటి దారాలు, పొగ కమ్ముకున్నట్టు కనపడ్డాక వస్తే, రక్తం కరిగేదాకా రెటీనా కనపడదు, లేజరుకు దారి ఉండదు, పొర లాగబడి ఊడుతుంటే కర్నూలు దాటి హైదరాబాదుకో బెంగళూరుకో పెద్ద ఆపరేషనుకు పోవాల్సి రావచ్చు.

ఇక్కడ ఒక అపవాదుకు జవాబు చెప్పాలి. 'ఫలానా ఆయన లేజరు చేయించుకున్నాకే చూపు పోయింది' అని ప్రతి ఊళ్లోనూ ఒకరు చెబుతారు. లేజరు చేసే పని తెలిస్తే ఆ మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. బోరులో నీళ్లు తగ్గినప్పుడు చీనీ రైతు ఏం చేస్తాడు? పదెకరాలకూ తలా కాస్త పోసి అంతా ఎండబెట్టుకోడు. నాలుగెకరాలు వదిలేసి ఆరెకరాలను బతికించుకుంటాడు. లేజరు పనీ అంతే. రెటీనా అంచుల్లో 1,200 నుంచి 1,600 దాకా సన్నటి కాల్పులు వేస్తారు, ఒకటి నుంచి మూడు విడతల్లో. కాలిన చోటుకు ప్రాణవాయువు అవసరం తగ్గుతుంది, దాహపు కబురు ఆగుతుంది, కొత్త నాళాలు ఎండిపోతాయి. నడిమి చూపు కోసం పక్కచూపులో, చీకటి చూపులో కొంత వదులుకోవాలి. పోయిన చూపును లేజరు తిరిగి తేదు, మిగిలిన చూపును నిలుపుతుంది. 1976లో అమెరికాలోనే ఇంకో అధ్యయనం తేల్చింది కూడా ఇదే, కొత్త నాళాలు మొలిచిన కళ్లలో తీవ్రంగా చూపు పోయే ప్రమాదం లేజరుతో సగానికి పైగా తగ్గింది. ఆలస్యంగా వచ్చి, అప్పటికే రక్తస్రావం మొదలైన కంటికి చేయించుకున్నవాళ్లకు ఆ తర్వాత చూపు పోయి ఉండవచ్చు. నేరం లేజరుది కాదు, వచ్చిన వేళది.

ఇంజెక్షన్ల గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. దాహపు కబురును మోసే వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందును 0.05 మిల్లీలీటరు, అంటే ఒక చుక్క, కంటి లోపలికి ఇస్తారు. మాక్యులా వాపుకు ఇది లేజరు కన్నా బాగా పని చేస్తుంది, కొంత చూపును తిరిగి తెస్తుంది కూడా. కానీ ఒకటితో అయిపోదు, మొదట్లో నెలనెలా పడాలి. కొత్త నాళాలకు కేవలం ఇంజెక్షన్ల మీదే ఉండి మధ్యలో మానేసినవాళ్ల కళ్లు, లేజరు చేయించుకుని మానేసినవాళ్ల కళ్ల కంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. మందు నెలల్లో అరిగిపోతుంది, లేజరు మచ్చ ఉండిపోతుంది. ఆలూరు నుంచో, రాయదుర్గం నుంచో, జమ్మలమడుగు నుంచో పనులు మానుకుని నెలనెలా రాగలరా అన్నది వైద్యంలో భాగమైన ప్రశ్నే. రాలేను అనుకుంటే డాక్టరుకు ముందే చెప్పండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. దాన్నిబట్టి వైద్యం మారుతుంది.

సరే, ఎప్పుడెప్పుడు చూపించుకోవాలి? పెద్దయ్యాక వచ్చే టైప్ 2 షుగరుకు, అది బయటపడిన నెలలోనే మొదటి పరీక్ష. 'ఇప్పుడే కదా వచ్చింది' అంటారు. రాలేదు, ఇప్పుడే తెలిసింది. ఈ రకం షుగరు తెలియకుండా ఒంట్లో ఏళ్లు గడుపుతుంది. బ్రిటన్‌లో 1977లో మొదలైన ప్రసిద్ధ అధ్యయనంలో కొత్తగా షుగరు తేలినవాళ్లలో మూడోవంతుకు పైగా జనానికి ఆ రోజుకే రెటీనాలో ఏదో ఒక గుర్తు ఉంది. చిన్న వయసులో వచ్చి మొదటి నుంచీ ఇన్సులిను మీద ఉండే టైప్ 1 అయితే ఐదేళ్ల లోపు మొదలుపెట్టాలి. షుగరు ఉన్న ఆడమనిషి గర్భం దాలిస్తే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి, వీలైతే అంతకు ముందే, ఎందుకంటే గర్భంతో రెటీనా జబ్బు వేగం పుంజుకోవచ్చు. గర్భంలోనే వచ్చి కాన్పుతో పోయే షుగరుకు ఈ నియమం లేదు.

ఆ తర్వాత, ఏమీ లేదని తేలితే ఏడాదికోసారి. కొన్ని దేశాల్లో వరుసగా రెండుసార్లు బాగుంటే రెండేళ్లకోసారి చాలంటున్నారు. అక్కడ తేదీ దగ్గరపడగానే ఇంటికి ఉత్తరం వస్తుంది. మనకు ఆ పిలుపు లేదు, 'రెండేళ్లకు రా' అంటే అది నాలుగేళ్లవుతుంది. కాబట్టి మన దగ్గర ఏడాది లెక్కే ఉంచుకోవాలని నా అభిప్రాయం. ఆ పిలుపు బలమెంతో ఇంగ్లండ్ చూపించింది. 2003లో అక్కడ షుగరు ఉన్న ప్రతి ఒక్కరినీ పేరుపేరునా పిలిచి రెటీనా ఫోటో తీసే కార్యక్రమం మొదలైంది. 2009-10 లెక్కలు తీస్తే, పని చేసే వయసువాళ్లలో గుడ్డితనానికి కారణాల్లో షుగరు రెటీనా జబ్బు మొదటి స్థానం కోల్పోయింది. కనీసం యాభై ఏళ్లలో అదే మొదటిసారి. షుగరు మందులు మెరుగవడం కూడా అందుకు తోడైంది, నిజమే. కానీ లేజరు వేళకు పడాలంటే ఎవరో ఒకరు ముందుగా ఫోటో చూడాలి కదా.

మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు పథకం అనంతపురంలోనే ప్రారంభమైంది. బడి పిల్లల చూపు పరీక్షతో మొదలైన ఆ పనికి విలువ ఉంది. కానీ అద్దాల పరీక్ష ఒక్కటే చేసే క్యాంపులో షుగరు మనిషి తన పేరు రాయించుకుని, కళ్లద్దాలు తీసుకుని, ఈ ఏటి పని అయిపోయిందనుకోకూడదు. రెటీనా ఫోటో తీశారా అని అడగాలి. తీయకపోతే ఆ పరీక్ష ఇంకా బాకీ ఉంది.

పరీక్ష రోజు జరిగేది చెబుతాను, చాలామంది భయం అక్కడే. ముందు చూపు కొలుస్తారు, కంటి ఒత్తిడి చూస్తారు. తర్వాత కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, కాస్త మండుతుంది. పది పదిహేను నిమిషాలకు మళ్లీ ఒకసారి. అరగంటలో పాప విచ్చుకుంటుంది. షుగరు ఉన్నవాళ్ల పాప కాస్త చిన్నదిగా ఉంటుంది, ఆలస్యంగా విచ్చుకుంటుంది, అందుకే ఇంకో చుక్క పడొచ్చు. గుండె జబ్బు, ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు చుక్కలు వేయకముందే ఆ మాట చెప్పాలి, అందుకు తగిన మందు వేస్తారు. తర్వాత డాక్టరు తలకు దీపం కట్టుకుని చేతిలో కటకంతో చూస్తారు, లేదా కెమెరాలో ఫోటో తీస్తారు. ఫ్లాష్ పడుతుంది, నొప్పి ఉండదు. నాలుగు నుంచి ఆరు గంటల పాటు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, వెలుతురు కొడుతుంది. మే నెలలో కర్నూలు ఎండలో ఆ కళ్లతో బయటికొస్తే కళ్లు తెరవడం కష్టం. నల్ల కళ్లజోడు, లేదంటే టోపీ, ఒక తోడు మనిషి ఉండాలి. బైకు నడపకూడదు, బస్సుకే రావాలి. ఆ రాత్రి కన్ను ఎర్రబడి తలనొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. చాలా అరుదు, కానీ కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిన గుర్తు అది.

పరీక్ష తప్పుదారి పట్టే చోట్లు రెండున్నాయి. చుక్కలు వేయకుండా ఫోటో తీసే కెమెరాలు ఇప్పుడు షుగరు క్లినిక్కుల్లోనూ ఉన్నాయి, మంచివే. కానీ శుక్లం ముదిరినా, పాప చిన్నదైనా, రెప్ప కొట్టినా ఫోటో మసకగా వస్తుంది. 'ఫోటో సరిగా రాలేదు' అన్న ఫలితాన్ని 'ఏమీ లేదు' అని ఇంటికి మోసుకెళ్లకూడదు. రాని ఫోటో అంటే చూడని రెటీనా. ఆ మనిషి చుక్కలు వేయించుకుని డాక్టరుతో నేరుగా చూపించుకోవాలి. రెండోది, కాగితం మీద కేవలం 'కళ్లు నార్మల్' అని రాసి పంపడం. ఏ కన్ను, చుక్కలు వేశారా లేదా, జబ్బు ఏ దశ, మాక్యులాలో వాపు ఉందా, మళ్లీ ఎప్పుడు రావాలి, ఈ ఐదూ ఉంటేనే అది రెటీనా పరీక్ష కాగితం. లేకపోతే అక్కడే నిలబడి రాయమని అడగండి.

షుగరును బాగా అదుపు చేస్తే కళ్లకు మంచిదన్నది తిరుగులేని నిజం. 1993లో వచ్చిన అధ్యయనంలో, అప్పటికి రెటీనా జబ్బు లేని టైప్ 1 వాళ్లలో, గట్టి అదుపు ఆ జబ్బు కొత్తగా వచ్చే ప్రమాదాన్ని 76 శాతం తగ్గించింది. కానీ ఒక మెలిక తెలిసి ఉండాలి. ఏళ్ల తరబడి 11, 12 ఉన్న హెచ్‌బీఏ1సీని ఇన్సులినుతోనో కొత్త మందులతోనో కొద్ది నెలల్లో గబగబా దించితే, అప్పటికే జబ్బున్న రెటీనా కొంతకాలం ఇంకా చెడవచ్చు. తర్వాత మేలే జరుగుతుంది. అందుకని షుగరు తగ్గించడం మానకూడదు, తగ్గించడం మొదలుపెట్టే ముందు రెటీనా ఏ దశలో ఉందో చూసుకోవాలి. ఇన్సులిను మొదలుపెట్టిన మూణ్ణెల్లకు చూపు తగ్గి 'ఇన్సులిను వల్లే కండ్లు పోయినాయి' అని మానేసేవాళ్లు ఈ ఒక్క ఫోటో ముందే తీయించుకుని ఉంటే ఆ నింద పుట్టేదే కాదు.

కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కడప, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. వెళ్లేటప్పుడు షుగరు ఎప్పుడు తేలిందో ఆ సంవత్సరం, చివరి హెచ్‌బీఏ1సీ, బీపీ, వాడుతున్న మందుల చీటీ, పాత కంటి కాగితాలు సంచిలో వేసుకోండి. రక్తం పల్చబరిచే మాత్రలు వేసుకుంటుంటే ఆ మాట చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపకండి. చీటీ రాసే కిటికీ దగ్గర 'కండ్లు చూపించుకోవాల' అనకండి, అలా అంటే అద్దాల గదికి పంపుతారు. 'షుగరు ఉంది, చుక్కలేసి రెటీనా చూడాల' అనండి. పరీక్ష ముగిశాక కాగితంలో మళ్లీ రావాల్సిన తేదీ ఉందో లేదో చూసుకుని, ఆ తేదీని ఇంట్లో గ్యాసు బండ తేదీ రాసే క్యాలెండరు మీదే రాసిపెట్టుకోండి.